‘పేపర్లు క్లియర్’ అని రాసే ముందు: బెంగళూరు నుంచి వచ్చిన బండిని అనంతపురంలో నిజాయితీగా అమ్మడం ఎలా?

పాత బండి అమ్మకానికి పెట్టేవారు ప్రకటనలో అన్నిటికంటే ముందు రాసే మాట ‘పేపర్లు క్లియర్’. చాలామంది దాన్ని అబద్ధమాడాలని రాయరు. బండి దొంగది కాదు, ఆర్‌సీ చేతిలో ఉంది, ఇన్నాళ్లు తిప్పినా ఎవరూ అడ్డుపెట్టలేదు కాబట్టి అంతా సరిగానే ఉందనుకుంటారు. కానీ కొన్నవారు రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లిన రోజున ఎదురయ్యే ప్రశ్నలు వేరు. ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది? అప్పు తీరిన సంగతి ఆర్‌సీలోకి ఎక్కిందా? చలాన్లు బాకీ ఉన్నాయా? ఇన్సూరెన్సు ఎవరి పేరు మీద, ఎప్పటివరకు ఉంది? అమ్మేవారు ఈ నాలుగింటికీ జవాబు తెలుసుకోకుండా ఆ మాట రాస్తే, తెలియకుండానే కొనేవారిని మోసం చేసినట్లవుతుంది.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో దీనికి బెంగళూరు చిక్కు కూడా తోడవుతుంది. హిందూపురం, కదిరి, ధర్మవరం, అనంతపురం నుంచి ఎంతోమంది ఉద్యోగాలకు బెంగళూరు వెళతారు. అక్కడ బండి కొని కొన్నేళ్లు తిప్పి, ఊరికి తిరిగొచ్చేటప్పుడు వెంట తెచ్చుకుంటారు. కర్నూలులో తెలంగాణ నంబరు బండ్లది కూడా దాదాపు ఇదే కథ. నంబరు పక్క రాష్ట్రానిది, బండి మన వీధిలోది. అందుకే ఇలాంటి బండి ఒకదాన్ని ఉదాహరణగా తీసుకుని, దాని ప్రకటనను మొదటి నుంచి చివరి దాకా రాసి చూద్దాం. ఉదాహరణ కల్పించినదే అయినా, అందులోని చిక్కులన్నీ నిజంగా ఎదురయ్యేవే.

ఇది 125 సీసీ బండి. 2017 ఆగస్టులో బెంగళూరులో రిజిస్టరైంది. మొదటి యజమాని ఫైనాన్సు మీద కొన్నాడు. 2021లో అనంతపురం యువకుడొకరు అతని దగ్గర కొన్నాడు. డబ్బు ఇచ్చి, సంతకాలు చేసిన ఫారాలు, ఆర్‌సీ, ఒక తాళం చెవి తీసుకున్నాడు. పేరు మార్పించలేదు. మరుసటి ఏడాది బండితో సహా అనంతపురం వచ్చేశాడు. ఇప్పుడు అమ్మాలనుకుంటున్నాడు. ‘సెకండ్ ఓనర్, పేపర్లు క్లియర్’ అని రాయబోతున్నాడు.

ఆ వాక్యంలో తప్పు మొదటి సగం దగ్గరే మొదలవుతుంది. చట్టం లెక్క ప్రకారం అతను రెండో యజమాని కాడు. 1988 మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 2(30) ప్రకారం బండి ఎవరి పేరు మీద రిజిస్టరై ఉంటే వారే యజమాని. నాలుగేళ్లుగా పెట్రోలు పోసి, టైర్లు మార్చి, రోజూ తిప్పుతున్న మనిషి యజమాని కావాలంటే ఆర్‌సీలో అతని పేరు ఉండాలి. ఇక్కడ అది లేదు.

సంతకాలు చేసిన ఫారాలు ఉన్నాయి కదా అని అతను అడగవచ్చు. అవి ఫారం 29, ఫారం 30. బండిని అమ్మేశానని పాత యజమాని తెలియజేసేది 29. పేరు మార్చమని కోరేది 30. పాత యజమాని సంతకం పెట్టి, కొన్నవారి పేరు, తేదీ ఖాళీగా వదిలేసిన ఈ ఫారాలను బ్రోకర్లు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి అందిస్తుంటారు. చివరికి ఎవరు మార్పించుకుంటే వారి పేరు అందులో చేరుతుంది. ఒకప్పుడు ఇలా పని జరిగిపోయేది. ఇప్పుడు దరఖాస్తు వాహన్ పోర్టల్ ద్వారా వెళుతోంది. బండికి జతచేసిన ఫోను నంబరుకు ఓటీపీ వస్తుంది. ఆ నంబరు మొదటి యజమానిది. అతను ఫోను ఎత్తకపోయినా, నంబరు మార్చేసినా, దేశం విడిచి వెళ్లినా ఆ పాత సంతకాలతో పని ముందుకు సాగదు. అందుకే ‘ఫారాలు ఉన్నాయి’ అనే మాటకంటే ‘మొదటి యజమాని ఈ రోజు ఫోనులో దొరుకుతాడు, సంతకానికి వస్తానన్నాడు’ అనే మాటకు విలువ ఎక్కువ. మొదటిది రాసి రెండోది దాచడం సరి కాదు.

పేరు మార్చకపోవడం వల్ల అసలు నష్టం ఎవరికో చాలామందికి తెలియదు. అమ్మేసినవారికే. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో ఈ సంగతి తేల్చి చెప్పింది. ఒక కారు ఒకరి తర్వాత ఒకరికి చేతులు మారింది. రికార్డులో మాత్రం మొదటి యజమాని పేరే ఉండిపోయింది. 2009లో ఆ కారు వల్ల ప్రమాదం జరిగింది. నష్టపరిహారం బాధ్యత రిజిస్టరైన యజమానిదేనని కోర్టు తేల్చింది. బండి ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో బాధితులు వెతుక్కుంటూ తిరగాల్సిన అవసరం లేదన్నది ఆ తీర్పు వెనుక ఉన్న తర్కం. మన ఉదాహరణలో అనంతపురం యువకుడు బండిని ఇంకొకరికి అవే ఫారాలతో అమ్మేస్తే, రేపు గుత్తి రోడ్డులో ఏదైనా జరిగినప్పుడు నోటీసు వెళ్లేది బెంగళూరులోని మనిషికి. నమ్మి సంతకాలు చేసిచ్చిన మనిషిని అలా ఇరికించడం నాకు ఏ విధంగానూ న్యాయమనిపించదు.

ఇక అప్పు సంగతి. వాయిదాలన్నీ 2019లోనే తీరిపోయాయి. ఫైనాన్సు సంస్థ ఇచ్చిన ఎన్‌ఓసీ ఉత్తరం కూడా ఉంది. కానీ ఆర్‌సీలో హైపోథికేషన్ అన్న చోట ఆ సంస్థ పేరు ఇంకా అలాగే ఉంది. అప్పు తీరడం ఒక పని, తీరిందని రికార్డులో ఎక్కించడం ఇంకో పని. రెండోదానికి ఫారం 35 మీద ఫైనాన్సు సంస్థ, యజమాని ఇద్దరూ సంతకాలు చేయాలి. ఎన్‌ఓసీ ఉత్తరాల మీద చాలావరకు 90 రోజుల గడువు రాసి ఉంటుంది. గడువు దాటితే మళ్లీ కొత్తది తెచ్చుకోవాలి. ఆ సంస్థ శాఖ మూతపడినా, ఇంకో సంస్థలో కలిసిపోయినా ఈ చిన్న కాగితం కోసం నెలలు పట్టవచ్చు. అందుకే ప్రకటనలో ‘లోన్ లేదు’ అని రాస్తే నిజమే అయినా సగం నిజం. ‘అప్పు తీరింది, ఆర్‌సీలో ఇంకా తీయించలేదు’ అంటేనే పూర్తి నిజం.

చలాన్లు దాగి ఉండేది కూడా ఇదే ఫోను నంబరు వెనుక. కెమెరా తీసిన ఫొటోతో పడిన జరిమానా సందేశం మొదటి యజమానికి వెళుతుంది. బండి తిప్పుతున్నవాడికి తెలియదు. మొదటి యజమాని కొంతకాలం చూసి, విసిగిపోయి, ఆ సందేశాలు చదవడం మానేస్తాడు. echallan.parivahan.gov.in లో బండి నంబరుతో చూస్తే చాలావరకు బయటపడతాయి. బెంగళూరు బండి కాబట్టి కర్ణాటక పోలీసుల చలాన్ల పేజీలో కూడా చూడాలి. బాకీలు ఉంటే రవాణా శాఖ పనులు ఆగిపోయే అవకాశం ఉంది. కాబట్టి ప్రకటన పెట్టేలోపే కట్టేసి, రసీదు దగ్గర పెట్టుకోవాలి. ఇది కొనేవారి నెత్తిన వేయాల్సిన ఖర్చు కాదు.

ఇన్సూరెన్సు దగ్గర ఒక అపోహ ఉంది. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి చేశారు. అందుకని పాత బండ్లకు కూడా ‘ఐదేళ్లది ఉంటుందిలే’ అనుకుంటారు. 2017 బండికి ఆ నిబంధన వర్తించదు. పాలసీ కాగితం తీసి, థర్డ్ పార్టీ ఎప్పటివరకు, సొంత బండికి జరిగే నష్టం ఎప్పటివరకు అన్న రెండు తేదీలను విడిగా చూసి రాయాలి. సెక్షన్ 157 ప్రకారం యాజమాన్యంతో పాటు థర్డ్ పార్టీ రక్షణ కొన్నవారికి మారుతుంది. అయితే పాలసీ తన పేరు మీదికి మార్చమని కొన్నవారు 14 రోజుల్లో కంపెనీని అడగాలి. క్లెయిమ్ లేనందుకు వచ్చే రాయితీ మాత్రం బండితో పోదు. అది పాత యజమానిదే. ప్రకటనలో ‘50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది’ అని రాసి ఆశపెట్టడం తప్పుదారి పట్టించడమే.

రాష్ట్రం మారడం వల్ల ఇంకో రెండు పనులు మిగిలి ఉన్నాయి. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి కొత్త నంబరు తీసుకోవాలని సెక్షన్ 47 చెబుతోంది. దానికి ముందు బెంగళూరులో రిజిస్టరైన కార్యాలయం నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తేవాలి. ఇక్కడ ఫారం 27 తో కొత్త నంబరుకు దరఖాస్తు చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో జీవితకాల పన్ను కట్టాలి. కర్ణాటకలో కట్టిన పన్నులో మిగిలిన భాగాన్ని తిరిగి అడిగే వీలు అక్కడ కట్టిన యజమానికి ఉంటుంది. కొత్త నంబరు వచ్చినప్పుడు పాతకాలంలోలాగా అనంతపురానికి ఏపీ 02 రాదు. 2019 నుంచి జిల్లా కోడ్లు ఆగిపోయి, రాష్ట్రమంతటికీ ఏపీ 39 తో మొదలైన ఉమ్మడి వరుస వచ్చింది. కొనేవారిలో కొందరికి ఇది ముఖ్యం. ‘ఏపీ 02 చేయించుకోవచ్చు’ అని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ఇన్ని చిక్కులుంటే ఆ యువకుడు ఏం చేయాలి? నా అభిప్రాయంలో ప్రకటనకు ముందే మొదటి యజమానిని పట్టుకుని బెంగళూరు పని పూర్తి చేయించాలి. అంటే చలాన్లు కట్టడం, ఫారం 35, ఆ తర్వాత ఫారం 28. చివరి రెండూ మొదటి యజమాని సహకారం లేకుండా కావు. కొనబోయే అపరిచితుడి కంటే ఆ మనిషితో మాట్లాడే చనువు ఇతనికే ఉంది. ఆ పని కాకముందే డబ్బు అవసరపడి అమ్మాల్సి వస్తే, మిగిలి ఉన్న పనులేమిటి, ఎవరు చేయాలి, ఖర్చు ఎవరిది, అవి అయ్యేవరకు ఎంత సొమ్ము ఆపి ఉంచుకోవచ్చు అనే నాలుగూ ప్రకటనలోనే రాయాలి. ధర తగ్గుతుంది. తగ్గాల్సిందే.

కాగితాల తర్వాత సర్వీసు చరిత్ర. ‘కంపెనీ సర్వీసు’ అనే మాట ఇక్కడ ‘పేపర్లు క్లియర్’ లాంటిదే. మన బండికి బెంగళూరులో 2020 మార్చి వరకు అధీకృత సర్వీసు కేంద్రం జాబ్ కార్డులు ఉన్నాయి. చివరిదాంట్లో మీటరు 24,600. ఆ తర్వాత అంతా వీధి మెకానిక్కుల దగ్గరే జరిగింది, అనంతపురం వచ్చాక ఒకే మెకానిక్కు దగ్గర. బిల్లులు లేవు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మంచి మెకానిక్కు చేతిలో బండి బాగానే ఉంటుంది. కానీ ఎప్పటివరకు రుజువుంది, ఎప్పటి నుంచి మాటే ఆధారం అన్న గీత స్పష్టంగా గీయాలి. ఆ మెకానిక్కు దుకాణం ఎక్కడుందో చెప్పి, వెళ్లి అడిగి చూడమనడం బిల్లు లేని లోటును కొంత తీరుస్తుంది.

మీటరు సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ తరహా బండ్లలో ముల్లు మీటరును ముందు చక్రం దగ్గరి నుంచి వచ్చే కేబుల్ తిప్పుతుంది. కేబుల్ తెగితే మీటరు ఆగిపోతుంది, బండి మాత్రం నడుస్తూనే ఉంటుంది. చాలామంది నెలల తరబడి పట్టించుకోరు. ఇక్కడ ఇప్పుడు మీటరు 38,400 చూపుతోంది. మధ్యలో దాదాపు 14 నెలలు కేబుల్ తెగి ఉంది. ఆ రోజుల్లో ఇంటి నుంచి పనికి రానుపోను 22 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు. లెక్క వేస్తే 7,700. అంటే బండి నిజంగా తిరిగింది 46,000 దరిదాపుల్లో. ప్రకటనలో ఈ రెండు అంకెలూ, మధ్యలోని కారణమూ రాయాలి. రాయకపోయినా చూడగలిగినవారికి తెలిసిపోతుంది. 38,000 తిరిగిన బండికి ఫుట్‌రెస్టు రబ్బర్లు, బ్రేకు పెడలు అంతగా అరిగిపోవు. పాత జాబ్ కార్డుల తేదీలను, అంకెలను పక్కపక్కన పెడితే నెలకు ఎంత తిరిగిందో తెలుస్తుంది. ఆ వేగం ఎక్కడైనా ఉన్నట్టుండి పడిపోతే అక్కడ ఆగి అడగాలి.

బండి స్థితి గురించి రాసేటప్పుడు ‘ఇంజిన్ సూపర్’ లాంటి పొగడ్తలు వదిలేసి, చూసి కొలిచిన సంగతులు రాస్తే కొనేవారికి పనికొస్తుంది. ముఖ్యంగా పొగ. ఉదయం చల్లగా ఉన్న ఇంజిన్‌ను స్టార్టు చేసినప్పుడు ఒక్క క్షణం నీలిరంగు పొగ వచ్చి ఆగిపోతే సాధారణంగా వాల్వు సీళ్లు గట్టిపడ్డాయని అర్థం. దారిలో యాక్సిలరేటరు తిప్పిన ప్రతిసారీ నీలి పొగ వస్తుంటే పిస్టన్ రింగులు, బోరు అరిగాయని అనుమానించాలి. మొదటిదానికి అయ్యే ఖర్చు చిన్నది, రెండోది పెద్దది. నల్ల పొగ అయితే ఆయిలుది కాదు, పెట్రోలు ఎక్కువ కాలుతోందని సూచన. మన బండికి మొదటి రకం పొగ ఉంది. ఆయిలు ఎంత తగ్గుతోందో డిప్‌స్టిక్కుతో చూసి, కలిపిన కొలత గుర్తుపెట్టుకుంటే ‘వెయ్యి కిలోమీటర్లకు సుమారు 150 మిల్లీలీటర్లు తగ్గుతోంది’ అని రాయవచ్చు. ఈ ఒక్క వాక్యం చదివిన మెకానిక్కుకు ఇంజిన్ పరిస్థితి సగం తెలిసిపోతుంది.

కొనేవారు చూడటానికి వస్తున్నారంటే ముందే స్టార్టు చేసి వేడెక్కించి ఉంచేవారున్నారు. వేడెక్కిన ఇంజిన్ లోపాలను దాచుతుంది. పైగా అనంతపురం మే నెల ఎండలో ఏ బండైనా మొదటి కిక్కుకే లేస్తుంది. నిజాయితీగా అమ్మేవారు ఉదయాన్నే రమ్మని, ఇంజిన్ మీద చేయి పెట్టి చూసుకోమని చెప్పాలి.

పడిన సంగతి దాచేవారు ఇంకా ఎక్కువ. ఈ బండి 2022లో కుడివైపు పడింది. ముందు ఫోర్కు పైపు కొద్దిగా వంగితే మార్చకుండా సరిచేయించారు. సరిచేసిన పైపు, కొత్త పైపు ఒకటి కావు. ఒకసారి వంగిన చోట బలం తగ్గుతుంది, అక్కడే ఆయిల్ సీలు తరచూ కారుతుంది. చదునైన దారిలో నెమ్మదిగా వెళుతూ, హ్యాండిల్‌ను వదలకుండా పట్టు మాత్రం సడలించి చూస్తే బండి ఎడమకు జరుగుతున్నట్టు తెలుస్తుంది. హ్యాండిల్ చివర, బ్రేకు లివరు అంచు, ఫుట్‌రెస్టు కొస మీది గీతలు కూడా కథ చెబుతాయి. అవన్నీ మార్చేసి, మెడ దగ్గర చాసిస్ మీద రంగు పగుళ్లు మాత్రం అలాగే ఉంటే అది చిన్న పడటం కాదని అర్థం చేసుకోవాలి. చాసిస్ నంబరు చాలా బండ్లలో అక్కడే చెక్కి ఉంటుంది కాబట్టి, ఆర్‌సీతో అంకె అంకె సరిపోల్చుకుంటూ ఆ చోటును కూడా చూసేయవచ్చు.

టైర్ల గురించి ‘80 శాతం ఉన్నాయి’ అని రాయడం మన ప్రాంతంలో పెద్దగా ఏమీ చెప్పదు. అచ్చు లోతుగా ఉన్నా ఎండకు రబ్బరు గట్టిపడిపోతుంది. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఆ అంకెలను ఫొటో తీసి పెడితే సరిపోతుంది.

ఇంకొక ప్రశ్నకు అమ్మేవారు అడగకుండానే జవాబివ్వాలి. బండి ఎప్పుడైనా నీట మునిగిందా? 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురంలో కాలనీలు మునిగినప్పుడు ఇళ్ల ముందున్న బండ్లు కూడా నీళ్లలో ఉండిపోయాయి. మునిగిన బండిని శుభ్రం చేసి నడిపించవచ్చు, కానీ వైరింగు కనెక్టర్లలో పచ్చటి తుప్పు ఏళ్ల తరబడి ఇబ్బంది పెడుతుంది. హెడ్‌లైటు లోపల సన్నని మట్టి గీత మిగిలినా, ఆయిలు తెల్లగా నురగలా ఉన్నా నీరు చేరిందని అనుమానించాలి. మన ఉదాహరణలోని బండి మొదటి అంతస్తు మెట్ల కింద ఎత్తులో ఉండటంతో మునగలేదు. ఆ మాట రాసేయడమే మంచిది.

ఇవన్నీ కలిపి, బెంగళూరు పని పూర్తికాకముందే అమ్మాల్సి వచ్చిందనుకుని రాస్తే ప్రకటన ఇలా ఉంటుంది:

‘125 సీసీ బండి, 2017 ఆగస్టు రిజిస్ట్రేషన్, బీఎస్-4, కర్ణాటక నంబరు. ఆర్‌సీ బెంగళూరులోని మొదటి యజమాని పేరు మీదే ఉంది. నేను 2021లో కొన్నాను, పేరు మార్పించుకోలేదు. ఆయన ఫోనులో అందుబాటులో ఉన్నారు, ఓటీపీకి, సంతకానికి ఒప్పుకున్నారు, మీరు నేరుగా మాట్లాడవచ్చు. అప్పు తీరింది, ఆర్‌సీలో ఫైనాన్సు పేరు ఇంకా తీయలేదు. ఫారం 35, బెంగళూరు ఎన్‌ఓసీ నా ఖర్చుతో నేనే చేయిస్తాను. ఇక్కడి జీవితకాల పన్ను, కొత్త నంబరు ఖర్చు కొనేవారివి. ఎన్‌ఓసీ మీ చేతికి వచ్చేదాకా ధరలో మూడో వంతు మీ దగ్గరే ఉంచుకోండి. చలాన్లు అన్నీ కట్టాను, రసీదులున్నాయి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మాత్రమే ఉంది, గడువు తేదీ ఫొటోలో చూడండి. 2020 మార్చి వరకు జాబ్ కార్డులు ఉన్నాయి, తర్వాత బిల్లులు లేవు. మీటరు 38,400, కేబుల్ తెగిన కాలం కలిపితే సుమారు 46,000. ఉదయం స్టార్టులో క్షణకాలం నీలి పొగ, వెయ్యి కిలోమీటర్లకు 150 మిల్లీలీటర్ల ఆయిలు తగ్గుతుంది. ఇంజిన్ విప్పలేదు. 2022లో కుడివైపు పడింది, ఫోర్కు పైపు సరిచేయించాను, కొద్దిగా ఎడమకు లాగుతుంది. వెనుక టైరు 2019ది, మార్చాలి. నీట మునగలేదు. ఒకే తాళం చెవి ఉంది. ఉదయం ఏడింటికి వస్తే చల్లని ఇంజిన్‌తో చూడవచ్చు.’

దీన్ని చదివి కొందరు ఫోను చేయకుండా వెళ్లిపోతారు. వారు ఎలాగూ వచ్చి చూసి, బేరం మధ్యలో లేచిపోయేవారే. మిగిలినవారు లోపాలు తెలిసి వస్తారు కాబట్టి, ప్రతి లోపాన్ని కొత్తగా కనిపెట్టినట్టు చూపించి ధర తగ్గించే బేరం ఉండదు. ఫొటోల్లో ఆర్‌సీ పెట్టేటప్పుడు మొదటి యజమాని చిరునామాను, చాసిస్ నంబరులో చివరి అంకెలను కప్పేయాలి. బండిని చూడటానికి వచ్చినవారికి అసలు కాగితం చూపిస్తే చాలు.

అమ్మిన రోజున డెలివరీ రసీదులో తేదీతో పాటు సమయం కూడా రాయాలి. ఆ గంట తర్వాత పడే చలాను, జరిగే ప్రమాదం ఎవరి చేతిలో జరిగాయో తేల్చడానికి అదే ఆధారం. కొన్నవారి ఆధార్ నకలు, సంతకం తీసుకుని, దాని నకలు ఒకటి మొదటి యజమానికి కూడా పంపాలి, ఎందుకంటే నోటీసులు వెళ్లేది ఆయనకే. సెక్షన్ 50 ప్రకారం బండి అదే రాష్ట్రానిదైతే అమ్మినవారు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి, వేరే రాష్ట్రానిదైతే 45 రోజుల్లో ఎన్‌ఓసీ పంపాలి. కొన్నవారు 30 రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. ఆపి ఉంచిన మూడో వంతు సొమ్మును ఎన్‌ఓసీ అందిన రోజునే ఇచ్చేయాలని కూడా అదే రసీదులో రాసుకుంటే ఇద్దరికీ పేచీ ఉండదు.